ఫార్వర్డ్ అయ్యాక చదివేవారు

నర్సు ఇంటికొచ్చి పెద్దవాళ్లను చూసే సేవకు వేసే పోస్టు వాళ్ల పిల్లల కోసమైతే అంత పెద్ద అక్షరాలెందుకన్న సందేహం సబబైనదే. డబ్బు కట్టేది హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు. కానీ పోస్టు నచ్చగానే అతను చేసే మొదటి పని, దాన్ని ఏలూరులోని తల్లికి వాట్సాప్ చేయడం. ఆవిడ వద్దంటే బేరం అక్కడితో సరి. అందుకే అక్షరాలు ఆవిడ కంటికి తగ్గట్టుండాలి.

1080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ ఫోన్ తెర మీద ఆరేడు సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అక్షరం ఎత్తు 60 పిక్సెళ్లుంటే అక్కడ మూడున్నర మిల్లీమీటర్లు కనిపిస్తుంది. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి గనుక వరుసకు 130 పిక్సెళ్లయినా ఇవ్వాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అంచులు పోను చతురస్రం పోస్టులో ఏడు వరుసలు పడతాయి. మీరు పంపిన నమూనాలో పదమూడున్నాయి! రాసిందేదీ కొట్టేయడానికి చెయ్యి రాకపోవడం కొత్తవాళ్లందరికీ ఉండేదే, అయినా ఆరు పోవాల్సిందే. శుక్లాలున్న కంటికి లేత రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి కాబట్టి నమూనాలోని తెలుపు మీది పసుపు కూడా వద్దు. నలుపు చాలు.

ఏడు వరుసల్లో నమూనాలోని ‘సమగ్ర వృద్ధ సంరక్షణ సేవలు’ అన్న మాటకు చోటు లేదు. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో అది చెప్పదు. దాని బదులు: ‘నర్సు ఇంటికి వస్తుంది. సోమవారం, గురువారం. బీపీ, షుగరు చూస్తుంది. ఆ అంకెలు పిల్లలకు పంపుతుంది.’ ఇవి నాలుగు వరుసలు. ఊళ్ల పేర్లకు ఒకటి, నెల రుసుముకు ఒకటి, ఫోన్ నంబరుకు ఒకటి. నంబరును అయిదేసి అంకెలుగా విడదీయాలి. మోసాల భయంతో లింకు నొక్కని పెద్దలు ఫోనైతే చేస్తారు.

‘మీకు పంపుతుంది’ అనకుండా ‘పిల్లలకు’ అనడంలో కిటుకుంది. తల్లి చదివినా కొడుకు చదివినా ఆ వాక్యం చెల్లుతుంది. నమూనాలోని ‘ఒంటరిగా మిగిలిన మీ అమ్మ కోసం’ అలా చెల్లదు. కొడుక్కి అది దెప్పిపొడుపు. ఇక తాడేపల్లిగూడెంలో తన ఇంట్లో తాను వండుకు తింటున్న మనిషికి, తన గురించి పరాయివాళ్లు జాలిపడుతున్న మాట. అలాంటి పోస్టును ఏ కొడుకూ అమ్మకు పంపడు.

చేయలేనిదీ చెప్పాలి. వానలకు తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేరులో కలిస్తే కొన్ని లంక గ్రామాలకు దారి మునుగుతుంది. కాబట్టి ఊళ్ల వరుసలో ‘కొల్లేరు అంతటా’ అని రాయకూడదు. ఏ ఊళ్లకు నర్సు ఏడాది పొడుగునా వెళ్లగలదో వాటి పేర్లే వేయాలి. ‘24 గంటలూ’ అన్నది మరీ ప్రమాదం. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఆ తల్లి 108కి కాకుండా ఈ నంబరుకు చేస్తుంది. పోస్టు కింద వివరణ రాసే చోట ‘అత్యవసరమైతే 108’ అన్నది మొదటి వాక్యం కావాలి.