సెలైన్ చుక్కల లెక్క: ముందు సెట్ కవరు చూడండి

తాండూరు జిల్లా ఆసుపత్రి అయినా, వికారాబాద్‌లో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి అయినా, బస్టాండ్ పక్కన చిన్న నర్సింగ్ హోమ్ అయినా డాక్టర్ కేస్ షీట్‌లో రాసేవి మూడే: ఏ ద్రవం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటల్లో. రోలర్ మీద వేలు పెట్టిన స్టాఫ్ నర్స్‌కి కావలసిన అంకె వేరు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో ఆమెకి తెలియాలి. పంపు ఉన్న పడకకి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నొక్కితే చాలు. జనరల్ వార్డులో చాలావరకు సెలైన్ ఎక్కేది రోలర్ మీదే, అక్కడ ఈ లెక్క మనమే చేసుకోవాలి.

డాక్టర్ రాసిన మిల్లీలీటర్లని చుక్కల్లోకి మార్చే అంకె సెట్ కవరు మీద ఉంటుంది. మన దగ్గర పెద్దవాళ్లకి వాడే మామూలు ఐవీ సెట్ కవరు మీద సాధారణంగా ఒక మి.లీ.కి 20 చుక్కలు అని ఉంటుంది. పిల్లలకి వాడే మైక్రో సెట్‌కి ఒక మి.లీ. అంటే 60 చుక్కలు. కొన్ని కంపెనీల సెట్లు 15 చుక్కలవి వస్తాయి, విదేశాల్లో పనిచేసేవారికి 10 చుక్కలవి కూడా ఎదురవుతాయి. అందుకే కవరు చించి చెత్తబుట్టలో వేసేముందు ఆ అంకె చదవాలి. స్టోర్‌లో కంపెనీ మారిన రోజు అలవాటుగా 20 అనుకుని లెక్కవేస్తే ఎంత జాగ్రత్తగా చేసినా లెక్క తప్పే వస్తుంది.

సూత్రం, దాని అడ్డదారి

```
నిమిషానికి చుక్కలు = (మి.లీ. × సెట్ అంకె) ÷ నిమిషాలు
```

గంటలని నిమిషాలుగా మార్చడం మరిచిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. 8 గంటలంటే 480 నిమిషాలు. 480 బదులు 8 వేస్తే వేలల్లో చుక్కలు వస్తాయి కాబట్టి తప్పు వెంటనే కనబడుతుంది.

డ్యూటీలో పనికొచ్చే అడ్డదారి ఒకటుంది. ముందుగా గంటకి ఎన్ని మిల్లీలీటర్లో తేల్చుకోండి. 20 చుక్కల సెట్ అయితే దాన్ని 3తో, 15 చుక్కల సెట్ అయితే 4తో, 10 చుక్కల సెట్ అయితే 6తో భాగించండి. 60 చుక్కల మైక్రో సెట్‌కి భాగించే పనే లేదు. గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. గంటలో 60 నిమిషాలు ఉండటం వల్లే ఇలా కుదురుతుంది. 60ని సెట్ అంకెతో భాగిస్తే ఈ 3, 4, 6 వస్తాయి.

ఒకే గదిలో ఇద్దరు, ఒకే అంకె

ఒక నర్సింగ్ హోమ్ గదిలో రెండు పడకలు ఉన్నాయనుకుందాం. మొదటి పడక మీద వాంతులు, విరేచనాలతో వచ్చిన నలభై ఏళ్ల కూలీ మహిళ. డాక్టర్ రాసింది ఆర్.ఎల్. 1000 మి.లీ., 8 గంటల్లో. సెట్ 20 చుక్కలది. గంటకి 125 మి.లీ., దాన్ని 3తో భాగిస్తే 41.7. అర చుక్క ఉండదు కాబట్టి నిమిషానికి 42.

రెండో పడక మీద పది కిలోల బాబు. నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారు. రోజుకి కావలసిన ద్రవం కిలోకి 100 మి.లీ. చొప్పున 1000 మి.లీ., 24 గంటల్లో ఎక్కించమన్నారు. సెట్ మైక్రో. గంటకి 41.7 మి.లీ., మైక్రో సెట్ కాబట్టి చుక్కలూ అన్నే. మళ్లీ నిమిషానికి 42.

ఇద్దరికీ 42 చుక్కలే. పెద్దామెకి గంటకి 125 మి.లీ. వెళుతోంది, బాబుకి 42 మి.లీ. మాత్రమే వెళుతోంది. ఇప్పుడు బాబుని హైదరాబాద్ నీలోఫర్‌కి పంపుతున్నారనుకోండి. చీటీ మీద ఒకరు "42 చుక్కలు" అని మాత్రమే రాశారు. దారిలో సెట్ మార్చాల్సి వచ్చింది, చేతికి 20 చుక్కల సెట్ దొరికింది. చీటీ చూసి 42 చుక్కలు పెడితే గంటకి 126 మి.లీ. వెళుతుంది. రెండు గంటల ప్రయాణంలో 84 మి.లీ. ఎక్కాల్సిన బాబుకి 252 మి.లీ. ఎక్కుతుంది. చుక్కలు లెక్కపెట్టిన మనిషి సరిగ్గానే లెక్కపెట్టింది, చీటీలో ఉన్నట్టే చేసింది. చీటీలో సెట్ ఏమిటో, గంటకి ఎంతో లేకపోవడమే తప్పు.

ఆ 20 చుక్కల సెట్‌తో బాబుకి పెట్టాల్సింది 14 చుక్కలు. కానీ అక్కడ ఒక్క చుక్క అటూ ఇటూ అయితే గంటకి 3 మి.లీ. తేడా వస్తుంది. మైక్రో సెట్‌లో ఒక చుక్క తేడా అంటే గంటకి ఒక్క మి.లీ. చిన్నపిల్లలకి మైక్రో సెట్ వాడమనేది ఇందుకే. కొలగీతల గొట్టం ఉన్న పీడియా సెట్ ఉంటే ఇంకా మంచిది. రెండు గంటలకి సరిపడా 84 మి.లీ. మాత్రమే గొట్టంలోకి దింపి పై క్లాంప్ మూసేయండి. రోలర్ జారినా బాబుకి వెళ్లేది అంతవరకే, సీసా మొత్తం కాదు.

పెట్టడం ఒక పని, చూడటం ఇంకో పని

చుక్కలు లెక్కపెట్టేటప్పుడు చాంబర్ సగం వరకే నిండి ఉండాలి. పూర్తిగా నిండితే చుక్క కనబడదు. గడియారాన్ని చాంబర్ పక్కన పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషమే లెక్కపెడితే 42కి పదో పదకొండో వస్తుంది. నాలుగుతో గుణిస్తే పది అంటే 40, పదకొండు అంటే 44. రోలర్ తిప్పుతూ దగ్గరికి తెచ్చుకోవడానికి అది చాలు, ఖాయం చేసుకోవడానికి మాత్రం పూర్తి నిమిషం కావాలి.

సరిగ్గా పెట్టిన వేగం అలాగే ఉండిపోదు. సీసా ఖాళీ అవుతున్న కొద్దీ, ట్యూబు నలిగిన కొద్దీ, మోచేతి దగ్గర కాన్యులా ఉన్న మనిషి చెయ్యి మడిచినప్పుడల్లా చుక్క మారుతుంది. విరేచనాల పేషెంట్ గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి. కూడా వచ్చినవాళ్లు రోలర్ మూసి, సీసా చేత్తో పట్టుకుని నడిపించి, తిరిగొచ్చాక అందాజుగా తెరుస్తారు. సాయంత్రం అయ్యేసరికి "సిస్టరమ్మా, జర జోరుగ ఇడువుండ్రి, మా ఊరి బస్సు పోతది" అని అడిగేవాళ్లు, అడగకుండా తామే తిప్పేవాళ్లు ఇద్దరూ ఉంటారు. కోప్పడితే రెండోసారి చాటుగా తిప్పుతారు. "ఒక్కసారిగ ఎక్కితే దమ్ము వస్తది, బాత్రూంకి పోయేటప్పుడు నన్ను పిలువుండ్రి" అని కారణంతో పాటు చెబితే వింటారు.

అందుకని చుక్కలకి తోడు సీసా మట్టం చూడాలి. మన దగ్గర ఎక్కువగా వచ్చేవి 500 మి.లీ. సీసాలు. పెద్దామె వెయ్యి మి.లీ. అంటే రెండు సీసాలు, ఒక్కోటి నాలుగు గంటలు. ఉదయం 10కి మొదలుపెడితే మధ్యాహ్నం 12కి సీసాలో 250 ఉండాలి, 2కి ఖాళీ కావాలి. సీసా పక్కన ప్లాస్టర్ పట్టీ అంటించి దాని మీద ఈ గంటలు రాసిపెట్టండి. 2 గంటలకి డ్యూటీ మారే చోట కొత్త సిస్టర్‌కి ఒక్క చూపులో విషయం తెలుస్తుంది.

ఒంటి గంటకి చూస్తే 125 ఉండాల్సిన సీసాలో ఇంకా 250 ఉందనుకోండి. మూడు గంటల్లో 375 వెళ్లాల్సింది, 250 మాత్రమే వెళ్లింది. ముందు కారణం చూడండి: కాన్యులా దగ్గర వాపు ఉందా, నొప్పి ఉందా, ట్యూబు మెలిక పడిందా, చెయ్యి మడిచి పడుకుందా. వాపు ఉంటే ఆ లైన్ ఆపేయాలి, వేగం పెంచకూడదు. లైన్ బాగుంటే లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి. మిగిలింది 750, సాయంత్రం 6 వరకు మిగిలిన సమయం 5 గంటలు. గంటకి 150, అంటే 50 చుక్కలు. 42 నుంచి 50కి పెంచడమంటే దాదాపు ఐదో వంతు ఎక్కువ. ఈ నిర్ణయం డాక్టర్‌ని అడిగి తీసుకోవాలి. "సార్, 125 మి.లీ. వెనకబడింది. 50 చుక్కలు పెట్టి ఆరింటికే పూర్తి చేయనా, 42 మీదే ఉంచి ఏడింటికి పూర్తి చేయనా?" అని అడిగితే ఆయన ఒక్క మాటలో చెప్పగలరు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, పిల్లలకి, ముసలివాళ్లకి సొంతంగా వేగం పెంచనే కూడదు. వెనకబడిందని రోలర్ మొత్తం వదిలేయడం ఎవరికీ చేయకూడదు.

ముందుకి వెళ్లిపోయిన సీసాకైతే రోలర్ బాగా తగ్గించి, మనిషిని చూడాలి. ఆయాసం, కొత్తగా దగ్గు, పడుకోలేకపోవడం, పిల్లల్లో కళ్ల కింద ఉబ్బు కనబడితే ద్రవం ఎక్కువైందేమోనని అనుమానించి, తల వైపు ఎత్తి, వెంటనే డాక్టర్‌ని పిలవాలి.

చుక్కలు చాలని చోట

100 మి.లీ. పారాసెటమాల్ 15 నిమిషాల్లో ఇవ్వమంటే 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 133 చుక్కలు. అంత వేగం కంటికి చుక్కల్లా కాదు, దాదాపు ధారలా కనిపిస్తుంది. అక్కడ లెక్కపెట్టే బదులు ఏడెనిమిది నిమిషాలకి సగం అయిందా అని సీసా చూడటమే నమ్మకమైన పద్ధతి. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్, డోపమిన్, నొప్పుల కోసం పెట్టే ఆక్సిటోసిన్ లాంటి మందుల్లో కొద్ది తేడా కూడా ప్రమాదమే. వాటికి పంపు అడగండి. పంపు లేకపోతే మైక్రో సెట్ పెట్టి, డాక్టర్‌కి తెలిపి, మరొకరితో లెక్క సరిచూయించుకుని, పక్కనే ఉండి చూసుకోవాలి.

చివరగా, పట్టీ మీదా, రిఫరల్ చీటీ మీదా, డ్యూటీ అప్పగించేటప్పుడూ ఒకే వరుసలో అన్ని వివరాలూ ఉండాలి. బాబు విషయంలో అది ఇలా ఉంటుంది: "బరువు 10 కిలోలు. గంటకి 42 మి.లీ. 60 చుక్కల సెట్, నిమిషానికి 42. ఉదయం 9కి మొదలు, 11 వరకు వెళ్లింది 84 మి.లీ." ఇలా రాస్తే దారిలో ఏ సెట్ దొరికినా, బాబుని చేతుల్లోకి తీసుకున్న మనిషి ఆ 42 మి.లీ.ని తన సెట్‌కి సరిపడా చుక్కల్లోకి తానే మార్చుకోగలదు.