లాంటివా? మాత్రమేనా?

కొత్త యాప్ గురించి ఒక క్లయింట్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపిన కాగితంలో ఈ వాక్యం ఉందనుకోండి: యాప్ భారతీయ భాషల్లో పనిచేయాలి, e.g. తెలుగు, తమిళం. ఇప్పుడు ఇదే వాక్యాన్ని ఇంకోలా చదవండి: యాప్ భారతీయ భాషల్లో పనిచేయాలి, i.e. తెలుగు, తమిళం.

మారింది ఒక చిన్న గుర్తు మాత్రమే, కానీ చేయాల్సిన పనే మారిపోయింది. మొదటి వాక్యంలో తెలుగు, తమిళం నమూనాకి చెప్పిన పేర్లు. రేపు క్లయింట్ కన్నడం ఏదని, మలయాళం ఏదని అడిగితే ఆ వాక్యం అతని పక్షానే మాట్లాడుతుంది. రెండో వాక్యంలో లెక్క తేలిపోయింది. భారతీయ భాషలంటే ఇక్కడ ఆ రెండే. మూడో భాష కావాలంటే అది కొత్త పని, దానికి వేరే గడువు, వేరే డబ్బు. e.g. తలుపు తెరిచి ఉంచుతుంది, i.e. మూసేస్తుంది. ఈ ఒక్క తేడా తలకెక్కితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. e.g. పూర్తి రూపం ఎగ్జెంప్లీ గ్రాషియా. ఎగ్జెంప్లీ అంటే ఉదాహరణ యొక్క, గ్రాషియా అంటే కోసం. రెండూ కలిస్తే ఉదాహరణ కోసం అని. i.e. పూర్తి రూపం ఇద్ ఎస్ట్. ఇద్ అంటే అది, ఎస్ట్ అంటే ఉంది, అవుతుంది అనే క్రియ. మొత్తం మీద అదేమిటంటే అన్న అర్థం. e.g. అంటే ఎగ్జాంపుల్ గివెన్ అని, i.e. అంటే ఇన్ ఎసెన్స్ అని కొందరు చెప్పుకుంటారు. గుర్తు పెట్టుకోవడానికి ఆ చిట్కా పనికొస్తుంది గానీ అసలు పూర్తి రూపాలు అవి కావు. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే లాటిన్ మాటలే చెప్పండి.

మరి అర్థం తెలిసినవాళ్లు కూడా ఎందుకు తడబడతారు? e.g. కి ఉదాహరణకు, i.e. కి అంటే అని బడిలో నేర్చుకుంటాం. నేర్చుకున్నది తప్పు కాదు. చిక్కంతా మన అంటే దగ్గర ఉంది. రోజూ మాట్లాడుకునే తెలుగులో ఆ మాటని రెండు పనులకీ వాడతాం. "పుల్లటి పండ్లు అంటే నిమ్మ, నారింజ లాంటివి తినమన్నారు డాక్టరు గారు" అంటాం. అక్కడ అంటే ఉన్నా నిమ్మ, నారింజ కేవలం ఉదాహరణలు. బత్తాయి తిన్నా డాక్టరు మాట తప్పినట్టు కాదు. "మా ఊరికి దగ్గరి స్టేషన్ అంటే సామర్లకోటే" అంటాం. అక్కడా అంటే ఉంది, కానీ ఈసారి చెప్పింది ఒక్క స్టేషన్ గురించే. మొదటి వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాస్తూ అంటే కనబడగానే i.e. పెట్టేస్తే, బత్తాయి తినకూడదని రాసినట్టవుతుంది.

ఈ రెండు వాక్యాల తేడా మనకి ఎక్కడ తెలిసింది? అంటే దగ్గర కాదు, ఆ తర్వాత. ఒకచోట లాంటివి అన్న మాట, ఇంకోచోట సామర్లకోట చివరన చేరిన ఏ. మన భాషలో ఉదాహరణా నిర్వచనమా అన్నది జాబితా అయిపోయాకే తేలుతుంది. పేర్లన్నీ చెప్పేసి, చివర్లో వంటివి అనో, మాత్రమే అనో ముగిస్తాం. ఇంగ్లిష్‌లో ఆ నిర్ణయం మొదటి పేరు రాయకముందే జరిగిపోవాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేవారికి అసలు ఇబ్బంది ఇక్కడే. అందుకే ఉదాహరణకు, అంటే అన్న మాటలతో పరీక్షించుకోవడం కన్నా, జాబితా చివరికి వెళ్లి పరీక్షించుకోవడం మనకి ఎక్కువ పనికొస్తుంది.

పరీక్ష ఇలా చేయాలి. మీరు రాయబోయే పేర్లని మనసులో తెలుగులో అనుకోండి. చివర లాంటివి అని పెట్టి చూడండి. అర్థం చెడకపోతే e.g. రాయండి. మాత్రమే అని గానీ, ఇవే అని గానీ పెడితేనే మీ ఉద్దేశం నిలబడుతోందంటే i.e. రాయండి. రెండూ అతుకుతున్నట్టు అనిపిస్తే మీరే ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదని లెక్క. అప్పుడు గుర్తు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ విషయం తేల్చుకోవాలి.

ఆఫీసులో ఒక నోటీసు మీదే ప్రయోగించి చూద్దాం. ఖర్చుల బిల్లులు పెట్టుకోమని అకౌంట్స్ విభాగం ఉద్యోగులకి రాస్తోంది. ప్రయాణ ఖర్చులు ఇస్తాం, ఆ తర్వాత రైలు, బస్సు, ట్యాక్సీ అని మూడు పేర్లు. మధ్యలో ఏ గుర్తు పెట్టాలి? ఆటో బిల్లు తెస్తే ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే చివర లాంటివి అతికింది, e.g. సరిపోతుంది. ఇవ్వమంటే ఆ మూడే, i.e. రాయాలి. పొరపాటున i.e. అని రాసి ఆటో డబ్బులు కూడా ఇద్దామనుకుంటే, నోటీసుని జాగ్రత్తగా చదివిన ఉద్యోగి అసలు బిల్లే పెట్టడు, సొంత డబ్బు పోగొట్టుకుంటాడు. పొరపాటున e.g. అని రాసి ఆ మూడే అనుకుంటే, విమానం టికెట్ పట్టుకొచ్చిన ఉద్యోగికి కాదని చెప్పడానికి నోటీసులో ఆధారం దొరకదు. జాబితాలో లేని ఒక వస్తువుని ఇలా తెచ్చి నిలబెడితే తప్పు వెంటనే బయటపడుతుంది.

e.g. తో మొదలైన జాబితా చివర ఎట్‌సెట్రా పెట్టడం చాలా మెయిళ్లలో కనబడుతుంది. ఇవి కొన్ని మాత్రమే అని e.g. ముందే చెప్పేసింది, మళ్లీ వగైరా అనక్కర్లేదు. i.e. తర్వాత ఎట్‌సెట్రా పెడితే మాత్రం వాక్యం తనని తానే కాదంటుంది. ఇవే అని మొదలుపెట్టి ఇంకా ఉన్నాయని ముగించినట్టవుతుంది. అలాంటి వాక్యం కనబడితే రాసినవారిని అడిగి తీరాలి, మనకి తోచినట్టు సర్దుకోకూడదు.

i.e. జాబితాలకే పరిమితం కాదు. చెప్పిన మాటనే ఇంకా కచ్చితంగా మళ్లీ చెప్పడం దాని అసలు పని. లెక్కల పుస్తకాల్లో ఇది చక్కగా తెలుస్తుంది. n ఒక సరి సంఖ్య, i.e. n = 2k అని రాస్తారు, k ఏదో ఒక పూర్ణాంకం అన్నమాట. సరి సంఖ్య అన్నా, n = 2k అన్నా ఒకటే. అటుది ఇటు పెట్టినా నిజం మారదు. అదే సరి సంఖ్యలు, e.g. 14 అని రాస్తే 14 ఒక సరి సంఖ్యే గానీ సరి సంఖ్యలన్నీ 14 కావు. i.e. కి అటూ ఇటూ ఉన్నవి సమానం కావాలి, e.g. కి కుడివైపు ఉన్నది ఎడమవైపు దానిలో ఒక భాగం కావాలి. సైన్సు, లెక్కలు చదివినవారికి ఈ పద్ధతి లాంటివి, మాత్రమే పరీక్ష కన్నా త్వరగా పట్టుబడుతుంది.

తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. అక్కడి మాటలు e.g., i.e. కావు, చట్టాల నిర్వచనాల్లో కనిపించే మీన్స్, ఇన్‌క్లూడ్స్. ఆలోచన మాత్రం ఇదే. తమిళనాడు ప్రైవేటు కళాశాలల నియంత్రణ చట్టం 1976 నాటిది. దాని కింద వచ్చిన నియమాల్లో కళాశాల అన్న మాటకి నిర్వచనం ఇస్తూ మీన్స్ అండ్ ఇన్‌క్లూడ్స్ అని రాసి ఆర్ట్స్ అండ్ సైన్స్, ఉపాధ్యాయ శిక్షణ, వ్యాయామ విద్య, ప్రాచ్య విద్య, సంగీతం మొదలైన రకాల కళాశాలల పేర్లు వరసగా ఇచ్చారు. ఇంజినీరింగ్ కళాశాల పేరు అందులో లేదు. మరి అది ఆ చట్టం కిందికి వస్తుందా రాదా? కోయంబత్తూరులోని పీఎస్‌జీ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ కేసులో 1995లో తీర్పు వచ్చింది. మీన్స్ అంటే నిర్వచనం అక్కడితో ముగిసినట్టు, ఇన్‌క్లూడ్స్ అంటే విస్తరించినట్టు, రెండూ కలిపి రాస్తే ఆ జాబితా పూర్తి జాబితా అని కోర్టు చెప్పింది. జాబితాలో లేని ఇంజినీరింగ్ కళాశాలలు బయటే ఉండిపోయాయి.

అందుకే డబ్బు, గడువు, బాధ్యత ముడిపడిన కాగితాల్లో e.g. ని నేను ఇష్టపడను. యాప్ భాషల వాక్యంలో తప్పు i.e. లేకపోవడంలో లేదు, ఎన్ని భాషలో తేల్చకపోవడంలో ఉంది. ఒప్పంద పత్రంలో భాషల పేర్లన్నీ నేరుగా రాయాలి. జాబితాని కావాలనే తెరిచి ఉంచాలనుకుంటే ఆ మాట పూర్తి వాక్యంగా రాయాలి, రెండక్షరాల భుజాన మోపకూడదు. మీకు అలాంటి కాగితం వస్తే సంతకానికి ముందే e.g. ఉన్న ప్రతిచోటా ఇంకేమేం వస్తాయో రాతపూర్వకంగా అడగండి.

ప్రభుత్వ ఉత్తరాల్లో తరచూ కనబడే viz. సంగతి కూడా చెప్పుకోవాలి. దాని పూర్తి రూపం విడెలికెట్. పేర్లు ఇవీ అని పూర్తి జాబితా ఇచ్చేటప్పుడు వాడతారు, కాబట్టి అది i.e. పక్షానే ఉంటుంది.

రాసే పద్ధతికి వద్దాం. చిన్న అక్షరాలే వాడాలి, ప్రతి అక్షరం తర్వాతా చుక్క ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. అమెరికా పద్ధతిలో ఆ తర్వాత కామా పెడతారు, బ్రిటన్ పద్ధతిలో ఎక్కువగా పెట్టరు. మీ సంస్థ ఏది పాటిస్తే అదే పాటించండి, ఒకే కాగితంలో రెండూ కలపకండి. వీటితో వాక్యం మొదలుపెట్టకండి. మన క్లాసు నోట్సుల్లో ఉదాహరణకి Ex: అని రాసే అలవాటు ఉంది. ఆఫీసు ఇంగ్లిష్‌లో అది చెల్లదు. ex అంటే మాజీ అనో, అభ్యాసం అనో చదివేవారు ఉంటారు. Eg: అని కోలన్ పెట్టడం కూడా ఆ అలవాటే.

వీటికి తగిన చోటు బ్రాకెట్లు, పట్టికలు, ఫుట్‌నోట్లు, చోటు తక్కువగా ఉండే స్లైడ్లు. పూర్తి వాక్యాలతో నడిచే పేరాలో ఫర్ ఎగ్జాంపుల్, దట్ ఈజ్ అని విడమరచి రాయడమే మేలు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు GOV.UK ఈ గుర్తులని వదిలేయబోతున్నట్టు 2016లో ప్రకటించింది. చూపు లేనివారికి తెరమీది అక్షరాలని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో కొన్ని, చుక్కలు లేకుండా రాసిన eg ని ఎగ్, అంటే గుడ్డు, అని పలకడం అందుకు ఒక కారణం. ఇంగ్లిష్ బాగా రానివారికి కూడా ఈ గుర్తులు అడ్డుపడుతున్నాయని ఆ వెబ్‌సైటు బృందం గమనించింది. మీరు రాసేది పదిమంది రకరకాల మనుషులు చదివే నోటీసైతే, లేదా బ్యాంకు, ఆసుపత్రి, పరీక్షల దరఖాస్తులో సూచనలైతే, పూర్తి మాటలే రాయండి. ఎదురుగా ఉన్నవారికి చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు కూడా ఈ-జీ, ఐ-ఈ అని అక్షరాలు పలకకుండా ఫర్ ఎగ్జాంపుల్, దట్ ఈజ్ అని చదవండి.