మేనమామ కొడుకు బావ కాని చోట

మా అమ్మాయి ఈసారి బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌కు తయారవుతోంది. రీజనింగ్‌లో 35 ప్రశ్నలకు 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. మొన్న ఆదివారం మాక్ టెస్టు రాసి, "నాన్నా, కష్టమైన పజిళ్లు వచ్చాయి, చుట్టరికాల ప్రశ్నలు రెండూ పోయాయి" అంది. పెళ్లిళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో పెద్దవాళ్లకే గుర్తుచేసే పిల్ల. ఇద్దరం కాగితం ముందు వేసుకుని కూర్చున్నాం. చూస్తే, ఆ వరసలు బాగా తెలియడమే ఆమెను పడేసింది.

మొదటి ప్రశ్నలో ఒకతను "మై మదర్స్ బ్రదర్స్ సన్" అంటూ ఒక కుర్రాణ్ణి చూపిస్తాడు. అతను ఏమవుతాడు? మా అమ్మాయి మనసులో వెంటనే "మేనమామ కొడుకు, బావ" అనుకుంది. బావ అంటే బ్రదర్ ఇన్ లా కాబట్టి అదే గుర్తు పెట్టింది. సరైన జవాబు కజిన్. మనకు మేనమామ కొడుకూ బావే, అక్క మొగుడూ బావే. మేనరికం ఉన్న సమాజం కనుక ఒకే పిలుపు రెండిటికీ సరిపోయింది. పరీక్షలో అలా కాదు. ఇన్ లా అన్న మాట రావాలంటే మధ్యలో ఎక్కడో ఒక పెళ్లి ఉండి తీరాలి. ఈ ప్రశ్నలో పెళ్లి ప్రస్తావనే లేదు.

రెండో ప్రశ్న: ఎమ్, ఎన్‌కు సోదరి. కె, ఎన్ కొడుకు. ఎమ్‌కు కె ఏమవుతాడు? ఎన్ ఆడో మగో ఇవ్వలేదు కాబట్టి "చెప్పలేం" అని పెట్టింది. తెలుగులో ఆలోచిస్తే అది నిజమే. ఎన్ తమ్ముడైతే కె మేనల్లుడు, ఎన్ చెల్లెలైతే కె కొడుకు వరస. కానీ ఇంగ్లీషులో తోబుట్టువు కొడుకు ఎవరైనా నెఫ్యూనే. ఎన్ ఎవరో తెలియకపోయినా జవాబు తెలుస్తుంది. అదే ప్రశ్నలో కెకు ఎన్ ఏమవుతారని అడిగి ఉంటే, తండ్రో తల్లో తేలదు కాబట్టి, "చెప్పలేం" సరైన జవాబయ్యేది.

అప్పుడు మేం ఒక నియమం పెట్టుకున్నాం: వాక్యాన్ని తెలుగులో చదవాలి, వరసను మాత్రం తెలుగులో పిలవకూడదు.

తెలుగులో చదవడం ఎందుకంటే, "ద సన్ ఆఫ్ ద ఓన్లీ సిస్టర్ ఆఫ్ మై మదర్స్ బ్రదర్" అని ఇంగ్లీషులో ఉంటే చివర నుంచి వెనక్కి రావాలి. "మా అమ్మ సోదరుడి ఒక్కగానొక్క సోదరి కొడుకు" అనుకుంటే వాక్యం మన దగ్గరే మొదలై ఒక్కో మనిషిని దాటుకుంటూ పోతుంది. పెన్సిలు కూడా అలాగే కదలాలి. తల్లిదండ్రులైతే ఒక మెట్టు పైకి, పిల్లలైతే కిందికి, తోబుట్టువులైతే పక్కకి ఒక గీత, భార్యాభర్తలైతే పక్కకి రెండు గీతలు. మగవారికి కూడిక గుర్తు, ఆడవారికి తీసివేత గుర్తు, తెలియకపోతే ప్రశ్న గుర్తు.

ఈ వాక్యాన్నే ఒక స్త్రీ ఫొటో చూపిస్తూ అందనుకుందాం. కింద ఆమెను తీసివేత గుర్తుతో పెట్టాం. పై మెట్టు మీద అమ్మ. పక్కన అమ్మ సోదరుడు. అతని ఒక్కగానొక్క సోదరి ఎవరు? ఇక్కడే మా అమ్మాయి కొత్త గడి గీయబోయింది. నేను ఆపాను. అమ్మ అప్పటికే అతని సోదరి. ఒక్కరే ఉన్నారంటే అది అమ్మే. గీత తిరిగి అమ్మ దగ్గరికే వస్తుంది. అమ్మ కొడుకు అంటే ఫొటోలో ఉన్నది ఆమె సోదరుడు.

"ఒక్కగానొక్క అనే మాట తీసేస్తే?" అని అడిగాను.

"అప్పుడు పిన్ని కొడుకైనా కావచ్చు. అయినా తమ్ముడే కదా నాన్నా!" అని, వెంటనే నాలుక కరుచుకుంది. మన ఇంట్లో పిన్ని కొడుకు తమ్ముడే. పరీక్షలో మాత్రం కజిన్. సోదరుడా కజినా అన్నది తేలదు కాబట్టి, ఈసారి "చెప్పలేం" అన్నదే జవాబు.

ఇంకొకటి. మాట్లాడింది పురుషుడైతే, ఒక్కగానొక్క అని ఉన్నా, ఫొటోలో ఉన్నది అతని సోదరుడో, అతనేనో చెప్పలేం. తనకు అన్నదమ్ములు లేరని కూడా అంటేనే ఫొటో తనదని తేలుతుంది. అందుకే మాట్లాడేది ఎవరో మొదటి గడిలోనే గుర్తు వేసుకోవాలి.

సాయంత్రం మా బావమరిది కొడుకు వచ్చాడు. మా అమ్మాయి తలుపు తీసి, "రా కజిన్, లోపలికి రా" అంది. వాడికి ఏమీ అర్థం కాలేదు.