ఫిర్యాదుల పెట్టె నుంచి ఒక్క స్లయిడుకు

మీ హాస్టల్లో ఫిర్యాదుల పెట్టె ఉందా? ఉంటే దాన్ని ఎవరైనా తెరుస్తున్నారా? ఒక బాలికల హాస్టల్లో నెలాఖరున పెట్టె తెరిచారనుకుందాం. లోపల 114 చీటీలున్నాయి. కొన్ని నోటుపుస్తకం కాగితాలు, కొన్ని బస్సు టికెట్ల వెనక రాసినవి. వార్డెనమ్మ ఆ కట్టను తొమ్మిదో తరగతి చదివే ఇద్దరమ్మాయిల చేతిలో పెట్టింది.

"శనివారం కమిటీవాళ్లు వస్తున్నారు. మనకు అయిదు నిమిషాలే ఇస్తారు. అన్నీ ఒకేసారి బాగుచేయించడానికి డబ్బు లేదు. ఏది ముందు చేయించాలో ఒక్క స్లయిడులో చూపించండమ్మా" అంది.

ఇలాంటి పనికోసమే పారెటో చార్టు అనే బొమ్మ ఉంది. మీరు లెక్కల పుస్తకంలో నేర్చుకున్న కమ్మీ చిత్రం, సంచిత పౌనఃపున్యం గీత, ఈ రెంటినీ ఒకే చట్రంలో గీస్తే అదే పారెటో చార్టు. గీయడం తేలిక. గీయడానికి ముందు చేసే పనిలోనే పొరపాట్లు జరుగుతాయి.

మొదటి ప్రశ్న, దేన్ని లెక్కపెట్టాలి? చీటీలనా, ఫిర్యాదులనా? ఆరు చీటీల్లో రెండేసి ఫిర్యాదులున్నాయి. ఒకమ్మాయి నీళ్ల గురించీ దోమల గురించీ ఒకే కాగితంమీద రాసింది. మనవాళ్లు ఫిర్యాదులనే లెక్కపెట్టాలని నిర్ణయించుకున్నారు. కాబట్టి మొత్తం 120. ఏ నిర్ణయమైనా ఫరవాలేదు గాని, సగంలో మార్చకూడదు.

ఆ తరువాత చీటీలను కుప్పలుగా వేయాలి. ఇక్కడ జాగ్రత్త కావాలి. "కుళాయిలో చుక్క రాలేదు", "స్నానానికి నీళ్లు లేవు" అన్నవి ఒకే కుప్పలోకి వెళ్తాయి. వాటిని సోమవారం నీళ్లు, మంగళవారం నీళ్లు అని విడగొడితే పెద్ద కమ్మీ ఏడు చిన్న కమ్మీలుగా చీలిపోయి, అసలు సంగతి మరుగున పడుతుంది. అలాగని "వసతులు బాగాలేవు" అని ఒకే పెద్ద కుప్ప వేసి నీళ్లనూ ఫ్యాన్లనూ అందులో కలిపేస్తే కమ్మీ ఆకాశాన్నంటుతుంది. కాని వసతులను బాగుచేసే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? ఒక కుప్పలో ఉన్నవన్నీ ఒకే రకం మనిషి వచ్చి బాగుచేయగలిగినవేనా అని అడిగి చూసుకోండి. చాలావరకు కుప్పలు సరిగ్గా కుదురుతాయి.

మన అమ్మాయిలు వేసిన లెక్క ఇది. హాస్టలు ఊహించినదే గనక, శాతాలు తేలిగ్గా తెగే అంకెలు ఎంచుకున్నాను.

| ఫిర్యాదు | సంఖ్య | సంచిత సంఖ్య | సంచిత శాతం |
|---|---|---|---|
| నీళ్లు రాకపోవడం | 48 | 48 | 40 |
| చల్లారిన భోజనం | 30 | 78 | 65 |
| ఫ్యాన్లు, లైట్లు | 18 | 96 | 80 |
| దోమలు | 9 | 105 | 87.5 |
| బట్టలు పోవడం | 6 | 111 | 92.5 |
| ఇతరాలు | 9 | 120 | 100 |

అవరోహణ క్రమంలో, అంటే పెద్దదాని నుంచి చిన్నదానికి, రాశారు. సంచిత సంఖ్య అంటే పై వరుసలన్నీ కలుపుకుంటూ రావడం: 48, దానికి 30 కలిపితే 78, దానికి 18 కలిపితే 96. ప్రతి మొత్తాన్నీ 120తో భాగించి వందతో గుణిస్తే సంచిత శాతం వస్తుంది. "ఇతరాలు" 9 అయినా, 6 కంటే కింద ఎందుకు రాశారు? అది ఒక కారణం కాదు, అయిదు రకాల చిల్లర ఫిర్యాదుల మూట. అందుకని ఎంత ఉన్నా చివరికే వెళ్తుంది. ఈ మూటే అన్నిటికంటే పెద్ద కమ్మీ అయిందంటే మాత్రం కుప్పలు వేయడం సరిగా జరగలేదన్నమాట. మళ్లీ చీటీల దగ్గరికి పోవాలి.

ముందు గ్రాఫు కాగితం మీద గీసి చూడండి. ఎడమవైపు నిలువు గీతను 12 సెంటీమీటర్లు తీసుకుని, ఒక సెంటీమీటరుకు 10 ఫిర్యాదులు గుర్తించండి. నీళ్ల కమ్మీ 4.8 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, భోజనం కమ్మీ 3. కుడివైపు కూడా అంతే ఎత్తున మరో నిలువు గీత గీసి, అడుగున 0, పైకొసన 100 శాతం వేయండి. అంటే ఎడమవైపు 120 ఎక్కడుందో కుడివైపు 100 శాతం సరిగ్గా అక్కడే ఉండాలి. ఈ ఒక్క నియమం మరిచిపోతే బొమ్మంతా తప్పవుతుంది. ఇప్పుడు ఒక్కో కమ్మీ పైన దాని సంచిత శాతం దగ్గర చుక్క పెట్టి, చుక్కలను కలపండి.

కంప్యూటరు మీద చేసేటప్పుడు స్ప్రెడ్‌షీటులో A వరుసలో ఫిర్యాదుల పేర్లు, B వరుసలో సంఖ్యలు రాయండి. మొదటి అడ్డవరుస శీర్షికలకు. C2 గడిలో ఈ సూత్రం రాసి C7 వరకు కిందికి లాగండి:

```
=SUM(B$2:B2)/SUM(B$2:B$7)
```

డాలరు గుర్తు ఉన్న అంకె కదలదు, లేనిది కిందికి లాగినకొద్దీ పెరుగుతుంది. కూడిక ఒక్కో వరుసే ఎక్కువవుతూ రావడానికి కిటుకు అదే. తరువాత మూడు వరుసలనూ ఎంచుకుని, ఎక్సెల్‌లో అయితే Insert కింద Combo రకం చార్టు తీసుకోండి. సంఖ్యలకు Clustered Column, శాతాలకు Line with Markers ఎంచి, శాతాల పక్కనున్న Secondary Axis గడిలో టిక్కు పెట్టండి. ఎక్సెల్ 2016 నుంచి Pareto అనే చార్టు సిద్ధంగానే దొరుకుతోంది. కాని అది అన్నిటినీ పెద్దదాని నుంచి చిన్నదానికి తానే పేర్చేస్తుంది. మనం చివర పెట్టిన "ఇతరాలు" మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే నాకు Combo పద్ధతే నచ్చుతుంది.

బొమ్మ రాగానే మురిసిపోకండి. కంప్యూటరు తన ఇష్టప్రకారం ఎడమవైపు 60 దగ్గర ఆపి, కుడివైపు 120 శాతం దాకా పోనిస్తుంది. 120 శాతం ఫిర్యాదులు ఎక్కడినుంచి వస్తాయి? పైగా నీళ్ల కమ్మీ చట్రంలో అయిదింట నాలుగు వంతుల ఎత్తుకు లేచి, దాని 40 శాతం చుక్క మాత్రం ఎక్కడో కమ్మీ నడుము దగ్గర ఉండిపోతుంది. చూసేవాళ్లకు రెండూ వేర్వేరు కథలు చెబుతున్నట్టుంటాయి. ఎడమ అక్షం మీద రెండుసార్లు నొక్కి Maximum దగ్గర 120 అనీ, కుడి అక్షానికి 1.0 అనీ రాయండి. ఒకటి అంటే ఇక్కడ నూరు శాతం. ఇప్పుడు మొదటి చుక్క మొదటి కమ్మీ నెత్తిమీద కూర్చుంటుంది. కూర్చుందంటే బొమ్మ సరైనదే. ఎవరి పారెటో చార్టు చూసినా ముందు ఆ చుక్క ఎక్కడుందో చూడండి.

గీత ఏం చెబుతోంది? మొదట నిటారుగా ఎక్కి, మూడో చుక్క తరువాత చదునవుతోంది. పది రకాల ఫిర్యాదుల్లో మూడు రకాలే 80 శాతం ఉన్నాయి. ఆ వంపు దగ్గరే మన చూపు ఆగాలి. పది రకాలూ తలా 12 ఉండి ఉంటే గీత తాడు బిగించి కట్టినట్టు తిన్నగా పోయేది. అప్పుడు ఈ చార్టు వల్ల ఉపయోగం లేదు, వేరే దారి వెతుక్కోవాలి. 80 అనే అంకెకు మహత్తు ఏమీ లేదు. మీ లెక్కలో 70 రావచ్చు, 90 రావచ్చు.

పేరు గురించి ఒక తమాషా. విల్‌ఫ్రెడో పారెటో (1848–1923) ఇటలీ దేశపు ఆర్థికశాస్త్రవేత్త. ఆదాయం జనంలో ఎంత ఎగుడుదిగుడుగా పంచుకోబడి ఉందో లెక్కలు కట్టాడు. ఆయన కారఖానాల లోపాల గురించి గాని, ఫిర్యాదుల గురించి గాని రాయలేదు. ఎక్కువ నష్టం కొద్ది కారణాల వల్లనే వస్తుందన్న సంగతిని విస్తారంగా ప్రచారం చేసి, దానికి పారెటో పేరు పెట్టినవాడు అమెరికా ఇంజనీరు జోసెఫ్ జురాన్. 1975లో ఆయనే తన పొరపాటు ఒప్పుకుంటూ ఒక వ్యాసం రాశాడు. పారెటోకు అంతటి విస్తృత సూత్రం అంటగట్టడం తప్పేననీ, సంచిత గీతల ఘనత 1905లో వాటిని వాడిన లోరెంజ్‌కు చెందాలనీ అందులో అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. పేరు పాతుకుపోయింది.

మళ్లీ హాస్టలుకు వద్దాం. నీళ్లు రాకపోవడం నిజంగా కారణమేనా? కాదు, అది బాధ. జ్వరం ఉందని తెలిసింది గాని, ఎందుకు వచ్చిందో తెలియలేదు. అమ్మాయిలు ఆ 48 చీటీలను మళ్లీ అంతస్తులవారీగా పేర్చారు. మూడో అంతస్తు 37, రెండో అంతస్తు 8, కింది రెండు అంతస్తులూ కలిపి 3. దాదాపు అన్నీ పొద్దున ఆరు, ఏడు గంటల మధ్యవే. ఇక భౌతికశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. మిద్దెమీది ట్యాంకు నుంచి ఎంత కిందికి దిగితే నీటి పీడనం అంత పెరుగుతుంది. ట్యాంకు నీటిమట్టానికి 3 మీటర్ల దిగువన ఉన్న కుళాయికంటే 12 మీటర్ల దిగువన ఉన్నదానికి నాలుగు రెట్లు. అందరికీ ఒకే గొట్టం ఉండి, కింద కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పితే, పైవాళ్లకు మిగిలేది గాలి చప్పుడే. కమిటీ కొనవలసింది రెండో ట్యాంకు కాకపోవచ్చు, మూడో అంతస్తుకు విడిగా ఒక గొట్టం చాలవచ్చు. ఆ మాట తేల్చవలసింది మాత్రం ప్లంబరే. చార్టు ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, అంతే.

స్లయిడు తయారైంది. శీర్షికగా "పారెటో చార్టు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. వాళ్లు ఇలా రాశారు: "120 ఫిర్యాదుల్లో 78 నీళ్లు, భోజనం గురించే." ఆ రెండు కమ్మీలకు ముదురు నీలం, తక్కినవాటికి బూడిదరంగు వేశారు. గీత మీద 65 శాతం దగ్గర మాత్రం అంకె రాసి, మిగతా అంకెలు తీసేశారు. కింద ఏ నెల చీటీలో, మొత్తం ఎన్నో చిన్న అక్షరాల్లో పెట్టారు.

చివరగా ఒకమ్మాయి "ఇతరాలు" మూటను విప్పి చూసింది. దుప్పట్లు 3, చెత్త 2, గొళ్లెం విరిగిన తలుపు 2, వీధికుక్క 1. ఇంకొక చీటీ మీద ఇలా ఉంది: "రాత్రి వంటగది పక్కన గ్యాసు వాసన వస్తోంది."

చార్టులో ఆ చీటీ విలువ ఒక మిల్లీమీటరు. కమ్మీ ఎత్తు ఎన్నిసార్లో చెబుతుంది, ఎంత ప్రమాదమో చెప్పదు. ఆ అమ్మాయి చీటీని స్లయిడులో ఎక్కడ ఇరికించాలా అని ఆలోచించలేదు. శనివారం దాకా ఆగకుండా, అప్పుడే దాన్ని తీసుకుని వార్డెనమ్మ గదికి పరుగెత్తింది.