‘రెండు ముప్పై’ అంటే ఎంత? ఫోన్‌లో విన్న అంకెలను రాసే పద్ధతి

వ్యవసాయ సలహా కేంద్రానికి తెలంగాణ నుంచి ఒక రైతు ఫోన్ చేశాడనుకుందాం. ‘మాకు రెండు ముప్పై ఉంది సారూ. వరి ఏసినం. యూరియా ఎకరానికి ఒకటిన్నర బస్తా, మొత్తం నాలుగు బస్తాలు పడ్డది. మందు ట్యాంకుకు ఫిఫ్టీ ఎమ్మెల్ కలిపి కొట్టినం’ అన్నాడు. ఈ సంభాషణ సారాంశాన్ని నాలుగు పంక్తుల్లో రాయాలి. రేపు దాన్ని చదివే అధికారికి రైతు గొంతు వినిపించదు, అంకెలు మాత్రమే కనిపిస్తాయి.

మొదటి చిక్కు ‘రెండు ముప్పై’ దగ్గరే ఉంది. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటల్లో చెబుతారు. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు వాడతారు. ఎకరానికి 100 సెంట్లు. అంటే ‘రెండు ముప్పై’ అన్న మాట ఆంధ్ర రైతు నోట వస్తే 2.30 ఎకరాలు, తెలంగాణ రైతు నోట వస్తే 2 ఎకరాల 30 గుంటలు, అంటే 2.75 ఎకరాలు. తేడా 0.45 ఎకరం, సరిగ్గా 18 గుంటలు. గుంటలను చుక్క పెట్టి 2.30 అని రాసే అలవాటు ఈ గందరగోళాన్ని పెంచుతుంది. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, రెండు ప్రమాణాల మధ్య గీత లాంటిది. ఇక ఐదు గుంటలను .5 అని రాస్తే చదివేవారు అరెకరం అనుకుంటారు. నిజానికి అది 0.125 ఎకరమే.

అందుకే సారాంశంలో ముందు రైతు అన్న మాటను ఉన్నదున్నట్లు ఉంచి, పక్కన మార్చిన విలువ రాయాలి: ‘2 ఎకరాల 30 గుంటలు (2.75 ఎకరాలు)’. మార్పిడిలో పొరపాటు జరిగినా అసలు మాట చెరిగిపోదు.

మన మార్పిడి సరైనదేనా అని తెలుసుకునే దారి తరచుగా సంభాషణలోనే దొరుకుతుంది. ఇక్కడ ఎకరానికి ఒకటిన్నర బస్తా, మొత్తం నాలుగు బస్తాలు అన్నాడు. 2.75ను 1.5తో గుణిస్తే 4.1 వస్తుంది, అతని నాలుగుకు దగ్గరే. 2.30తో గుణిస్తే 3.45 వస్తుంది, అది నాలుగుతో అంతగా పొసగదు. కాబట్టి గుంటలే అయి ఉండాలి. అయినా ‘ముప్పై గుంటలేనా?’ అని ఒక్క మాట అడిగితే సందేహమే ఉండదు.

బస్తా కూడా స్థిరమైన కొలత కాదు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, అంతకుముందు 50. డీఏపీ బస్తా ఇప్పటికీ 50 కిలోలే. కాబట్టి నాలుగు బస్తాల యూరియా 180 కిలోలు. 4.125ను 45తో గుణించి 185.625 అని రాయడం గణితంగా తప్పు కాదు గానీ, రైతు చెప్పని కచ్చితత్వాన్ని అతని నోట పెట్టడమే అవుతుంది. నాలుగు బస్తాలన్నది అతను లెక్కపెట్టిన సంఖ్య, దాన్నే నమ్మాలి.

మందు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ‘ట్యాంకుకు 50 మి.లీ.’ అన్నది మోతాదు చెప్పదు, ఎందుకంటే ట్యాంకు ఎన్ని లీటర్లో తెలియదు. 20 లీటర్లయితే లీటరుకు 2.5 మి.లీ., 16 లీటర్లయితే 3.1 మి.లీ. అడగకుండా ఏదో ఒకటి ఊహించి రాయకూడదు. అడిగే వీలు లేకపోతే ‘ట్యాంకు పరిమాణం చెప్పలేదు’ అని రాయడమే సరి.

అసలు ఆ ‘ఫిఫ్టీ’ నిజంగా ఫిఫ్టీయేనా, ఫిఫ్టీన్ కాదా? మామూలు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనిని మాత్రమే మోస్తుంది. పదం చివర వచ్చే బలహీనమైన ‘న్’ అందులో, వెనకాల ట్రాక్టరు శబ్దం కూడా ఉంటే, తేలిగ్గా కలిసిపోతుంది. తెలుగులో పదిహేను, యాభై అంటే ఆ ఇబ్బంది లేదు. అయితే తెలుగుకూ దాని చిక్కు దానికుంది: అరవై, ఇరవై మొదటి అచ్చులోనే వేరు. సిగ్నల్ తెగి మొదటి అక్షరం పోతే మిగిలేది ‘రవై’ మాత్రమే. అక్కడ సిక్స్టీ, ట్వంటీ స్పష్టంగా వినిపిస్తాయి. కాబట్టి ఇంగ్లీషులో విన్న సంఖ్యను తెలుగులో, తెలుగులో విన్నదాన్ని ఇంగ్లీషులో తిరిగి చెప్పి ‘అంతేనా?’ అని అడిగితే రెండు చిక్కులూ పోతాయి.

మన రైతు ‘పదిహేను కాదు సారూ, యాభయ్యే. ట్యాంకు ఇరవై లీటర్లది’ అన్నాడనుకుందాం. అప్పుడు సారాంశం ఇలా ఉంటుంది:

పంట: వరి. విస్తీర్ణం: 2 ఎకరాల 30 గుంటలు (2.75 ఎకరాలు).
యూరియా: 4 బస్తాలు (180 కిలోలు), ఎకరానికి సుమారు 1.5 బస్తాలు.
మందు: 20 లీటర్ల ట్యాంకుకు 50 మి.లీ. (లీటరుకు 2.5 మి.లీ.). మందు పేరు చెప్పలేదు, అడగాలి.