అప్పు పత్రం మీద ఎవరి సంతకం?

చింతామణి, బాగేపల్లి వైపు ఇళ్ళలో పిల్లల చదువుకు బ్యాంకు అప్పు తీసుకునేటప్పుడు ముందు సంతకం పెట్టేది ఎక్కువగా నాన్నే. పొలం ఆయన పేరున ఉంటుంది, పహణి ఆయన పేరున వస్తుంది, మేనేజరు కూడా ఆయన్నే పిలుస్తాడు. ఆదాయపన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ సంతకం అక్కరకు రాదు. టమాటా, ద్రాక్ష పండించి అమ్మితే వచ్చిన వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. లేని పన్నులో తగ్గించడానికి ఏముంటుంది? ఇంట్లో పన్ను కట్టేది ఉద్యోగం చేసే అమ్మ అనుకోండి. అప్పు పత్రంలో ఆమె పేరు లేకపోతే, వడ్డీ అంతా ఆమె జీతంలోంచే కట్టినా ఒక్క రూపాయి మినహాయింపు రాదు.

చదువు అప్పు వడ్డీకి మినహాయింపు ఇచ్చేది 80ఇ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపన్ను చట్టంలో దాని నెంబరు 129. నెంబరు మారినా చూసేవి అవే: అప్పు ఎవరు తీసుకున్నారు, పన్ను పడే ఆదాయంలోంచి వడ్డీ ఎవరు కట్టారు. రెండింటికీ జవాబు ఒకే మనిషి కావాలి. ఆ చదువు తన కోసం గానీ, భార్య లేదా భర్త కోసం గానీ, పిల్లల కోసం గానీ, తాను చట్టప్రకారం సంరక్షకుడిగా ఉన్న విద్యార్థి కోసం గానీ అయి ఉండాలి. మన ఇళ్ళలో ఒక మాట ఇక్కడే గుచ్చుకుంటుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న చెల్లెలి చదువుకు అప్పు తీసుకుని, కంతులన్నీ తానే కట్టినా అతనికి ఈ మినహాయింపు లేదు. తాతకూ లేదు, మేనమామకూ లేదు. చట్టం కంటికి అన్నగారి ప్రేమ కనపడదు.

కాబట్టి బ్యాంకుకు వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పొలమో ఇల్లో తాకట్టు పెట్టాల్సి వస్తే ఆస్తి ఉన్న నాన్న ఆ మేరకు సంతకం పెట్టవచ్చు. బిడ్డతో పాటు కో-అప్లికెంటుగా మాత్రం పన్ను కట్టేవాళ్ళ పేరు రాయించమని అడగండి. ఇద్దరూ పన్ను కట్టేవాళ్ళే అయితే ఇద్దరి పేర్లూ ఉండొచ్చు. అప్పుడు ఎవరు కట్టిన వడ్డీని వాళ్ళు చూపుకోవచ్చు, కానీ ఒకే వడ్డీని ఇద్దరూ చూపకూడదు. ఒట్టి జామీనుదారుకు ఈ హక్కు లేదు. కంతు ఎవరి పేరున చూపదలచుకున్నారో వాళ్ళ ఖాతాలోంచే పోనివ్వండి. అప్పు కూడా బ్యాంకుదో, కేంద్రం గుర్తించిన ఆర్థిక సంస్థదో, ఆమోదం ఉన్న ధార్మిక సంస్థదో అయి ఉండాలి. చీటీ పాడి తెచ్చినది, బంధువుల దగ్గర తెచ్చినది లెక్కకు రావు.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. అమ్మ ప్రభుత్వ పీయూ కాలేజీలో లెక్చరరు, ఏడాది జీతం 15 లక్షలు. నాన్నది వ్యవసాయం. కూతురు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళింది, 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కడితే ఏడాదికి 4 లక్షల 40 వేలు అవుతుంది. విదేశంలో చదివినా 80ఇ వర్తిస్తుంది, పన్నెండో తరగతి తర్వాతి చదువు ఏదైనా సరే. దీనికి గరిష్ఠ పరిమితి లేదు, అయితే అసలుకు కాదు, వడ్డీకి మాత్రమే.

ఇది పాత పన్ను పద్ధతిలోనే దొరుకుతుంది. మనం ఏమీ చెప్పకపోతే మనకు వర్తించేది కొత్త పద్ధతి. 2025-26 లెక్కల ప్రకారం, రెండు పద్ధతుల్లోనూ జీతగాళ్ళకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ ముందే తీసేసి చూస్తే, ఆ అమ్మ కొత్త పద్ధతిలో సెస్సుతో కలిపి 97,500 కట్టాలి. పాత పద్ధతిలో 80సి కింద లక్షన్నర, వడ్డీ కింద 4 లక్షల 40 వేలు తీసేస్తే పన్ను 87,880. మిగిలేది 9,620 రూపాయలు. ఇదే కూతురు చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదివి, అప్పు 12 లక్షలు, వడ్డీ లక్షా ఇరవై వేలు అయి ఉంటే? అప్పుడు పాత పద్ధతిలో పన్ను 1,73,160. మినహాయింపు దొరికిందన్న సంతోషానికి 75 వేలకు పైగా అదనంగా కట్టినట్టు. ఈ జీతానికి 80సి మొత్తం నిండినా, ఇంటి అద్దె, ఇంటి అప్పు లాంటి మినహాయింపులు వేరే లేకపోతే, చదువు వడ్డీ దాదాపు 3 లక్షల 94 వేలు దాటితే తప్ప పాత పద్ధతి గిట్టదు. మినహాయింపు కోసమని అప్పు పెంచుకోవడం శుద్ధ దండగ.

జీతగాళ్ళు ఈ పద్ధతిని ఏటా మార్చుకోవచ్చు. అసలు తీరే కొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి, మొదటి ఏళ్ళలో పాతది, తర్వాత కొత్తది మేలు కావచ్చు. ఏటా రెండు లెక్కలూ వేసి చూడండి.

ఎనిమిదేళ్ళ గడువు సంగతి చాలామంది మరిచిపోతారు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ళే మినహాయింపు ఉంటుంది. ఆ అమ్మ 2025-26లో మొదలుపెడితే ఆమెకు ఆఖరి ఏడాది 2032-33. మధ్యలో కొత్త పద్ధతిలో ఉన్న ఏళ్ళు కూడా ఈ ఎనిమిదిలోనే కరిగిపోతాయి. అలాగని చదువు అయ్యేదాకా వడ్డీ ఆపితే, అది అసలుకు చేరి అప్పు పెరుగుతుంది. నా మటుకు చేతిలో డబ్బు ఉంటే కట్టేయడమే మంచిది. పన్ను కోసం వడ్డీని పెరగనివ్వడం తెలివి కాదు. కూతురు ఉద్యోగంలో చేరి తానే కట్టడం మొదలుపెడితే ఆమె గడువు ఆమెది. కాకపోతే అమెరికాలోనే ఉండి, ఇండియాలో పన్ను పడే ఆదాయం లేకపోతే ఆమెకు దీంతో పనిలేదు. ఇక్కడే ఉద్యోగం చేస్తూ జీతం 12 లక్షల 75 వేల లోపు ఉన్నా కొత్త పద్ధతిలో పన్ను సున్నా కాబట్టి అప్పుడూ పనిలేదు.

ఇక ఫీజుల మాట. ట్యూషన్ ఫీజు 80సి కిందికి వస్తుంది, కొత్త చట్టంలో 123. కట్టిన తల్లికో తండ్రికో ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల దాకా చెల్లుతుంది. ముగ్గురు పిల్లలుండి ఇద్దరూ పన్ను కట్టేవాళ్ళయితే మూడో బిడ్డ ఫీజును రెండోవాళ్ళు కట్టి చూపవచ్చు. చదువుకునే బిడ్డ తన ఫీజును తాను చూపుకోవడానికి మాత్రం వీల్లేదు. కాలేజీ ఇండియాలో ఉండాలి, చదువు ఫుల్ టైమ్ కావాలి, అందుకే అమెరికా ఫీజు ఇందులోకి రాదు. పై లెక్కలో లక్షన్నర ఎలా నిండింది? ఆ అమ్మకు కేజీఐడీ, పీఎఫ్, ఎల్ఐసీ కలిపి లక్షా పది వేలు అయ్యాయి. కొడుకు పీయూసీ ట్యూషన్ ఫీజు 55 వేలు ఉన్నా అందులో 40 వేలే పట్టింది. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్, బస్సు, హాస్టలు, సీఈటీ, నీట్ కోచింగు దీనిలోకి రావు. రసీదులో అంతా ఒకే మొత్తంగా రాసిస్తే, ట్యూషన్ ఫీజు విడిగా రాసివ్వమని ఆఫీసులో అడిగి తీసుకోండి.

మార్చి ముగియగానే బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. అందులో వడ్డీ, అసలు విడివిడిగా ఉండాలి, మీ పేరు కో-అప్లికెంటుగా కనపడాలి. రిటర్నులో బ్యాంకు పేరు, అప్పు ఖాతా నెంబరు, అప్పు మంజూరైన తేదీ కూడా అడుగుతారు. సాధారణంగా జూలై 31 అయిన గడువులోపు రిటర్ను వేయకపోతే ఆ ఏడాదికి పాత పద్ధతి ఎంచుకోలేరు, వడ్డీ మినహాయింపూ పోతుంది.