ఫిర్యాదు కింద వచ్చే మొదటి జవాబు ఎవరిది?

ప్రత్తిపాడు దగ్గర ఒక రైతు సంగతి ఊహించుకుందాం. మనిషి కల్పితమే గానీ, మోసం జరిగే తీరు మాత్రం పోలీసు ఫిర్యాదుల్లో రోజూ కనబడేదే. ఆయన సీసీఐకి 18 క్వింటాళ్ల పత్తి అమ్మాడు. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన 1,45,980 రూపాయలు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడాలి. రోజులు గడుస్తున్నా పడలేదు. బ్యాంకుకు వెళ్తే సీసీఐని అడగమన్నారు, సీసీఐ కేంద్రంలో బ్యాంకును అడగమన్నారు. గుంటూరులో డిగ్రీ చదివే కొడుక్కి విసుగొచ్చింది. బ్యాంకు ఖాతాను ట్యాగ్ చేసి ఎక్స్‌లో నాలుగు వాక్యాలు రాశాడు. త్వరగా తేలుతుందనుకుని తండ్రి ఫోన్ నంబరు, కొనుగోలు రసీదు ఫొటో కూడా జత చేశాడు.

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. బ్యాంకు పేరు, బ్యాంకు గుర్తు, క్షమాపణ, ఒక ఫిర్యాదు నంబరు. వివరాలు అందరిలో పెట్టకండి, ప్రైవేటు మెసేజ్‌లో పంపండి అని జాగ్రత్త కూడా చెప్పారు. ఆ మాటతోనే కొడుకు పూర్తిగా నమ్మేశాడు. జవాబిచ్చింది బ్యాంకు కాదు. బ్యాంకు పేరుతో ఎవరు ఫిర్యాదు రాస్తారా అని కాచుకుని కూర్చునే ఖాతా అది.

ప్రైవేటు చాట్‌లోకి ఎందుకు లాగుతారంటే, అందరికీ కనబడే చోట అయితే ఇంకెవరైనా 'అది దొంగ ఖాతా' అని రాసేస్తారు, అసలు బ్యాంకు కూడా చూస్తుంది. చాట్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కణ్నుంచి వాట్సాప్ కాల్‌కు మారుస్తారు. మన రైతుకూ అంతే జరిగింది. 'సార్, మీ ఆధార్ అనుసంధానం ఆగిపోయింది, ఈ యాప్ వేసుకుంటే ఇప్పుడే సరిచేస్తాం' అని ఒక .apk ఫైలు పంపారు. ఖాతాకు ముడిపడిన నంబరు తండ్రిది కాబట్టి యాప్ ఆయన ఫోన్లోనే వేయించారు. మెసేజ్‌లు చదివే అనుమతి, తెర మీద ఏం జరుగుతుందో చూసే అనుమతి అడిగితే కొడుకు సరే నొక్కాడు. కోల్డ్ స్టోరేజీలోంచి తీసి అమ్మిన మిర్చి డబ్బు అదే ఖాతాలో ఉంది. 11 గంటల 10 నిమిషాలకు 49,000, 11 గంటల 14 నిమిషాలకు 20,000 పోయాయి. 11:40కి బ్యాంకు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఖాతా ఆపమని చెప్పారు, ఫిర్యాదు నంబరు తీసుకున్నారు. అయినా 12:05కి మరో 18,000 పోయాయి.

మొత్తం 87,000. ఇందులో ఎంత ఎవరు భరించాలి? చాలామంది 'మనమే కదా యాప్ వేసుకుంది, ఇంకేం వస్తుంది' అని ఇక్కడే ఆగిపోతారు. చట్టం లెక్క అలా ఉండదు. ఒక్కో లావాదేవీనీ విడిగా చూడాలి.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాలు దీనికి పునాది. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులో ఇలాంటివే ఇచ్చింది కాబట్టి, డీసీసీబీలో ఖాతా ఉన్న రైతు తనకిది వర్తించదని అనుకోనక్కర్లేదు. ఓటీపీ, పిన్ లాంటివి చెప్పేసి ఖాతాదారు నిర్లక్ష్యం చేశాడని తేలినా, అతను భరించాల్సింది బ్యాంకుకు తెలియజేసిన క్షణం వరకు పోయిన డబ్బునే. తెలియజేశాక పోయింది బ్యాంకు నెత్తిన పడుతుంది. కాబట్టి 12:05కి పోయిన 18,000 మీద వాదనే లేదు. ఆ 11:40 కాల్‌కు రుజువు ఉండటమే ముఖ్యం. కాల్ రికార్డు జాబితా స్క్రీన్‌షాట్, ఫిర్యాదు నంబరుతో వచ్చిన మెసేజ్ పదిలపరచండి. బ్యాంకుకు నేరుగా వెళ్తే అర్జీ ప్రతి మీద తేదీ, సమయం వేయించి ముద్ర కొట్టించుకోండి. మేనేజరు 'పైకి పంపాం లెండి' అంటే సరిపోదు.

మొదటి రెండు లావాదేవీలది చిక్కు ప్రశ్న. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, వ్యవస్థలో మరోచోట లోపం వల్ల డబ్బు పోతే, లావాదేవీ సమాచారం అందాక మూడు పని దినాల్లో చెప్పిన ఖాతాదారు మీద పైసా భారం పడదు. సమాచారం అందిన రోజు లెక్కలోకి రాదు. రెండో శనివారానికి ముందు శుక్రవారం సాయంత్రం మెసేజ్ వస్తే, సోమవారం సెలవు కాకపోతే బుధవారం దాకా గడువుంటుంది. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠ భారం 10,000, ప్రాథమిక పొదుపు ఖాతాకు 5,000. ఏడు దాటితే బ్యాంకు సొంత విధానమే గతి.

మరి మన రైతు ఓటీపీ చెప్పాడా? చెప్పలేదు. యాప్ దానంతటదే చదివేసింది. ఈ తేడా కేసును అటూ ఇటూ చేస్తుంది. ఖాతాదారు నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన భారం బ్యాంకుది. కంగారులో తండ్రీ కొడుకులు మొదటి అర్జీలో 'వాళ్లు అడిగితే ఓటీపీ ఇచ్చాం' అని రాశారనుకోండి, ఆ ఒక్క వాక్యాన్నే బ్యాంకు చివరి దాకా చూపిస్తుంది. జరిగింది జరిగినట్టు రాయాలి. ఓటీపీ చెప్పి ఉంటే చెప్పామనే రాయాలి, అబద్ధం కోర్టులో నిలవదు. చెప్పకపోతే చెప్పలేదని, యాప్ వేయించారని, అనుమతులు అడిగారని వరసగా రాయాలి. తెలియని యాప్ వేసుకోవడమే నిర్లక్ష్యం అని బ్యాంకు వాదించవచ్చు. అందులో బలం లేదని నేననను. ఈ 69,000 తప్పకుండా తిరిగొస్తాయని ఏ న్యాయవాదైనా హామీ ఇస్తే నమ్మకండి.

దీనికి దగ్గరగా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది. 2021 అక్టోబరులో అస్సాంలో ఒక ఎస్‌బీఐ ఖాతాదారు ఆన్‌లైన్‌లో కొన్న దుస్తులు వాపసు చేయబోయాడు. ఆ దుకాణం కస్టమర్ కేర్ అంటూ ఫోన్ చేసినవాడు ఒక యాప్ వేయించాడు. 94,204 రూపాయలు పోయాయి. ఆయన ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, పోలీసులకు చెప్పాడు. ఓటీపీ తానే ఇచ్చాడని బ్యాంకు వాదించింది. నిర్లక్ష్యానికి రుజువు లేదని, దుకాణం వెబ్‌సైటు సమాచారమే బయటికి పోయిందని చూసి గౌహతి హైకోర్టు డబ్బు ఇమ్మంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు బ్యాంకు అప్పీలును కొట్టేసింది. అనధికార లావాదేవీలను పసిగట్టే సాంకేతికత బ్యాంకుల దగ్గర ఉంది కాబట్టి చేతులు దులుపుకోవడానికి వీల్లేదని, ఖాతాదారులూ ఓటీపీలు ఇవ్వకుండా జాగ్రత్తగా ఉండాలని రెండు మాటలూ చెప్పింది. ఆయన కేసులో దుకాణం సమాచారం లీకవడం కలిసొచ్చింది. మన రైతు కేసులో నంబరు బయటపెట్టింది కొడుకే. ఆ తేడా మరచిపోయి ఈ తీర్పును అన్నిటికీ మందులా వాడితే కుదరదు.

బ్యాంకుకు చెప్పడం ఒక పని, 1930కి ఫోన్ చేయడం వేరే పని. మొదటిది బాధ్యత ఎవరిదో తేలుస్తుంది. రెండోది డబ్బు చేరిన ఖాతాను ఆపిస్తుంది. దొంగ ఖాతాలోంచి ఏటీఎం ద్వారా తీసేయకముందే ఆపగలిగితేనే ఫలితం, అందుకే గంటలు లెక్క. యాప్ వేసిన ఫోనుతో కాకుండా పక్కింటివాళ్ల ఫోనుతో చేయండి. ముందు యాప్ వేసిన ఫోన్లో డేటా ఆపేయండి. తర్వాత cybercrime.gov.in లో వివరాలు నమోదు చేయండి. ఆపిన సొమ్మును తిరిగి పొందేందుకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షను కింద మెజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి సొమ్ము తిరిగి ఇప్పించారు.

పోలీసు ఫిర్యాదులో పెట్టాల్సిన సెక్షన్లు మీకు తెలియనక్కర్లేదు గానీ, తెలిస్తే స్టేషన్లో మాట తేలికవుతుంది. కంప్యూటర్ సాయంతో మరొకరిగా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. భారతీయ న్యాయ సంహితలో 318, 319 సెక్షన్లు ఉన్నాయి. 'మీ ఊరు మా పరిధి కాదు' అని పంపేస్తే, పరిధితో పని లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతుందని గుర్తుచేయండి. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు.

సిగ్గుతో చాట్ చెరిపేసేవాళ్లు చాలామంది. అలా చేస్తే కేసులో సగం పోతుంది. ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అంతే. మోసగాడు తన వైపు నుంచి చెరిపేలోగా చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయండి. ఖాతా పేరు మాత్రమే సరిపోదు, వాడు రేపే పేరు మార్చేస్తాడు. ఆ ప్రొఫైల్ లింకు, మీ ఫిర్యాదు కింద పెట్టిన జవాబు లింకు, కాల్ వచ్చిన నంబరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ రాసిపెట్టుకోండి.

ఇక అసలు ఖాతాను ఎలా గుర్తించాలి? నీలం టిక్కు చూసి నమ్మకండి. ఎక్స్‌లో డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్యాంకు వెబ్‌సైటులో ఇచ్చిన లింకు నొక్కి ఆ ఖాతాకు వెళ్లండి. ఆ వెబ్‌సైటు చిరునామా .bank.in తో ముగియాలి. 2025 అక్టోబరు 31కల్లా బ్యాంకులన్నీ ఆ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. జవాబిచ్చిన ఖాతా ఎప్పుడు మొదలైందో, ముందు ఏం రాసిందో చూడండి. పేజీ నిండా అందరికీ ఒకే క్షమాపణ ఉంటే అనుమానించండి. ఇది బ్యాంకుల బెడదే కాదు. 2023 జనవరిలో ముంబైలో ఒకరు రైలు టికెట్టు గురించి ఐఆర్‌సీటీసీని అడుగుతూ టికెట్టును, ఫోన్ నంబరును ట్విట్టర్లో పెట్టి దాదాపు 64,000 పోగొట్టుకున్నారు.

ఎక్స్‌లో రాసినంత మాత్రాన చట్టం దృష్టిలో బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చినట్టు అనుకోకండి. రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు ఆగినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు, న్యాయవాదీ అక్కర్లేదు. జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లాలనుకుంటే, బ్యాంకు ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. గుంటూరు రైతు గుంటూరులో, ఒంగోలు రైతు ఒంగోలులో.

మోసపోయామని మళ్లీ ఎక్స్‌లో రాస్తే ఇంకో రకం జవాబులు మొదలవుతాయి. 'మేం సైబర్ లాయర్లం, పోయిన డబ్బు రప్పిస్తాం, రుసుము ముందు పంపండి' అంటారు. వాళ్లూ అదే కోవ. న్యాయవాది కావాలనుకునేవాళ్లు 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ నంబరు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిలోబడి న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో నేరుగా కూడా అర్జీ పెట్టుకోవచ్చు.